ఒక్క ‘ను’ పోతే హంతకుడు మారిపోతాడు: అర్థం చెడకుండా శీర్షిక కుదించడం ఎలా

నేను పత్రిక డెస్కులో చేరిన కొత్తలో ఒక స్కూలు బస్సు వార్త వచ్చింది. సాయంత్రం బడి వదిలాక బస్సు రోడ్డు దిగి పక్క పొలంలోకి ఒరిగింది. లోపల 30 మంది పిల్లలు. ఆరుగురికి మోకాళ్లు, మోచేతులు గీరుకుపోయాయి, మిగతావాళ్లకు ఏమీ కాలేదు. రాత్రికి అందరూ ఇళ్లకు చేరారు. పేజీలో ఆ వార్తకు దొరికింది రెండు కాలాల జాగా. ‘ఆరుగురికి స్వల్ప గాయాలు’ అని పెడితే లైను దాటిపోతోంది. టైం అయిపోతోందని ‘స్కూలు బస్సు బోల్తా.. లోపల 30 మంది విద్యార్థులు’ అని కొట్టి పేజీ వదిలేశాను.

పొద్దున ఆఫీసు ఫోను ఆగలేదు. చేసినవాళ్లు తల్లిదండ్రులు కారు, వాళ్ల పిల్లలు కళ్ల ముందే ఉన్నారు. వేరే ఊళ్లలో ఉన్న తాతలు, మేనమామలు, పెద్దమ్మలు. నా శీర్షికలో ఒక్క మాటా అబద్ధం కాదు. కానీ క్రియ లేని వాక్యాన్ని రెండు చుక్కలతో సగంలో వదిలేస్తే మిగతా సగం చదివేవాడు పూరించుకుంటాడు. అదీ చెడ్డవైపే పూరించుకుంటాడు.

అప్పటినుంచి నేను శీర్షిక కుదించే పద్ధతి మార్చుకున్నాను. అది ఇక్కడ ఒక ఉదాహరణ పట్టుకుని చెబుతాను. పత్రికలో రాసేవాళ్లకే కాదు, వెబ్‌సైటుకు రాసేవాళ్లకూ, సంస్థ తరఫున ప్రకటనలు తయారు చేసేవాళ్లకూ ఇదే పని.

మొదట పొడుగు వాక్యం రాయండి

పొట్టి శీర్షిక కోసం నేరుగా పొట్టి మాటలు వెతకొద్దు. వార్త మొత్తం చదివి, అందులో రుజువైన సంగతి ఏమిటో ఒక పూర్తి వాక్యంగా రాయండి. క్రియతో సహా. అది ఎంత పొడుగున్నా ఫరవాలేదు, ఎవరికీ చూపించేది కాదు.

ఒక వార్త తీసుకుందాం. కల్పించినదే, కానీ ఇలాంటివి జిల్లా డెస్కులకు వస్తూనే ఉంటాయి. ఒక మండల కేంద్రంలోని బాలికల గురుకులంలో మంగళవారం రాత్రి భోజనం చేశాక 23 మంది విద్యార్థినులకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అర్ధరాత్రి ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లారు. బుధవారం సాయంత్రానికి 21 మంది డిశ్చార్జి అయ్యారు. ఇద్దరికి ఇంకా సెలైన్ ఎక్కుతోంది, ప్రమాదమేమీ లేదని డాక్టరు చెప్పారు. భోజనం, తాగునీటి నమూనాలు ల్యాబుకు పంపారు, నివేదిక రాలేదు. వంట సిబ్బంది నిర్లక్ష్యమే కారణమని తల్లిదండ్రులు ఆరోపిస్తున్నారు. వార్డెన్‌కు షోకాజ్ నోటీసు ఇచ్చారు.

దీనికి రిపోర్టరు పంపిన శీర్షిక ఇలా ఉందనుకోండి: ‘గురుకులంలో కలుషితాహారం.. విద్యార్థినులకు తీవ్ర అస్వస్థత’.

మనం రాసుకునే పొడుగు వాక్యం ఇది: ‘బాలికల గురుకులంలో రాత్రి భోజనం తర్వాత 23 మంది విద్యార్థినులు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేరారు, వారిలో 21 మంది డిశ్చార్జి అయ్యారు, కారణం ఇంకా తేలలేదు’.

రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తేడా వెంటనే కనబడుతుంది. ఆహారం కలుషితమైందని వార్తలో ఎవరూ తేల్చలేదు, నమూనాలు ఇప్పుడే ల్యాబుకు వెళ్లాయి. ‘తీవ్ర’ అన్న మాట వార్తలో ఎక్కడా లేదు, పైగా మర్నాటికే 21 మంది ఇంటికెళ్లారు. ఎంతమందో మాత్రం శీర్షికలో లేదు. ఉండాల్సింది పోయి లేనిది వచ్చింది. రిపోర్టరు అబద్ధం రాయాలని కూర్చోలేదు. మొదటే పొట్టిగా ఆలోచించాడు, అలా ఆలోచిస్తే చేతికి అలవాటైన మాటలే వచ్చి పడతాయి. ఆసుపత్రి అనగానే ‘తీవ్ర అస్వస్థత’, హాస్టలు అనగానే ‘కలుషితాహారం’.

తీయకూడని మాటల కింద గీత గీయండి

ఇప్పుడు పొడుగు వాక్యంలో ఒక్కో మాట తీసి చూడండి. ‘ఇది తీసేస్తే, వార్త చెప్పని సంగతి ఏదైనా పాఠకుడికి తోస్తుందా?’ అని అడగండి. తోస్తే ఆ మాట కింద గీత గీయండి. తోయకపోతే అది తీసేయదగ్గ మాట.

మన వాక్యంలో ‘23 మంది’ తీస్తే బడి మొత్తం పడిపోయిందేమో అనిపిస్తుంది, కాబట్టి గీత. ‘విద్యార్థినులు’ తీసినా నష్టం లేదు, ‘బాలికల గురుకులం’లోనే అది ఉంది. ‘విరేచనాలు’ తీయవచ్చు, వాంతులు మిగిలితే సంగతి తెలుస్తుంది. ‘డిశ్చార్జి’ తీస్తే భయం మిగిలిపోతుంది, కాబట్టి అది శీర్షికలో పట్టకపోతే ఉపశీర్షికలో అయినా ఉండి తీరాలి. ‘కారణం తేలలేదు’ అన్నది శీర్షికలో చెప్పనక్కరలేదు. కానీ దానికి విరుద్ధంగా ఏ మాటా అందులో ఉండకూడదు.

‘తర్వాత’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. చాలామంది దాన్ని కుదించి ‘భోజనం తిని 23 మందికి అస్వస్థత’ అంటారు. వ్యాకరణం ప్రకారం ‘తిని’ అంటే ముందు తిన్నారు, తర్వాత ఇంకోటి జరిగింది అనే. కానీ శీర్షికలో దాన్ని ఎవరూ అలా చదవరు. తినడం వల్లే అని చదువుతారు. ‘మాత్ర వేసుకుని మహిళ మృతి’ అంటే మాత్రే చంపిందని అర్థం. ‘మాత్ర వేసుకున్నాక’ అన్నా అనుమానం అటే పోతుంది గానీ, కనీసం మనం తీర్పు చెప్పినట్టు ఉండదు. కారణం రుజువు కానంతవరకు ఆ ‘-ని’ వాడను, ఒక అక్షరం కలిసొచ్చినా సరే.

గీత గీసినవి మిగిల్చి తక్కినవి తీస్తే: ‘బాలికల గురుకులంలో 23 మందికి అస్వస్థత’. కింద ఉపశీర్షిక: ‘రాత్రి భోజనం తర్వాత వాంతులు.. 21 మంది డిశ్చార్జి, ల్యాబుకు నమూనాలు’.

అక్షరాలు లెక్కపెడితే రిపోర్టరు శీర్షిక 23, మనది అంకెలతో కలిపి 18. ఇంకా ఇరుకు కాలం వస్తే ‘గురుకులంలో 23 మందికి వాంతులు’, అది 13. ‘అస్వస్థత’ కంటే ‘వాంతులు’ ఒక అక్షరం తక్కువ, సంగతి ఎక్కువ. కొందరికి వాంతులై కొందరికి కడుపునొప్పి మాత్రమే వచ్చి ఉంటే అప్పుడు ‘అస్వస్థత’ దగ్గరే ఉండిపోవాలి. 23 మందికీ సరిపోయే మాటే 23 పక్కన రావాలి.

తల్లిదండ్రుల ఆరోపణ కూడా వార్తే కదా అంటారు. నిజమే, పెట్టవచ్చు, కానీ ఎవరన్నారో చెప్పి పెట్టాలి: ‘సిబ్బంది నిర్లక్ష్యమే: తల్లిదండ్రులు’. ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పాత్రికేయ ప్రమాణాల్లో ఇది రాసే ఉంది. ఆరోపణను శీర్షికగా పెడితే చేసిన వ్యక్తినో సంస్థనో చెప్పాలి, కనీసం కొటేషన్ గుర్తుల్లోనైనా పెట్టాలి. తెలుగులో కోలన్ మనకు పెద్ద వరం, ‘అని ఆరోపించారు’ అన్న ఏడు అక్షరాల పనిని రెండు చుక్కలు చేసిపెడతాయి. అయితే కోలన్ తర్వాత మనిషో సంస్థో రావాలి. ‘నిర్లక్ష్యమే: విచారణ’ అని పెడితే విచారణలో తేలిందా, విచారణకు ఆదేశించారా, ఎవరికీ తెలియదు.

విభక్తి మీద కత్తెర వేయొద్దు

ఒక్క అక్షరం ఎక్కువైందనగానే తెలుగు సబ్ ఎడిటర్ చెయ్యి మొదట పోయేది విభక్తుల మీదికి. ను, కి, పై, వరకు. చిన్నవి కదా, పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. నా అనుభవంలో శీర్షికల్లో అతి పెద్ద తప్పులు ఇక్కడే పుడతాయి.

‘భార్యను చంపిన భర్త’ చూడండి. ‘ను’ తీయండి. ‘భార్య చంపిన భర్త’. ఇప్పుడు చచ్చినవాడు భర్త, చంపింది భార్య. ‘చంపిన’, ‘నరికిన’, ‘మోసగించిన’ లాంటి మాటలకు ముందున్న పేరు చేసినవాడిదా, అనుభవించినవాడిదా అన్నది తెలుగులో ఆ ‘ను’ ఒక్కటే చెబుతుంది. ‘పులి చంపిన ఆవు’ అంటే ఏది చచ్చిందో మనకు పులి గురించి తెలుసు కాబట్టి అర్థమవుతుంది. ‘అన్న చంపిన తమ్ముడు’ అంటే అలా తెలియదు. ‘ను’ పట్టకపోతే వాక్యమే మార్చండి: ‘భర్త చేతిలో భార్య హతం’.

‘పోలీసులపై దాడి’, ‘పోలీసుల దాడి’. తేడా ఒక్క ‘పై’, కేసు మాత్రం తలకిందులు. ‘మంత్రి హత్యకు కుట్ర’ని ‘మంత్రి హత్యా కుట్ర’ చేస్తే మంత్రి బాధితుడా, నిందితుడా అన్నది గాల్లో ఉంటుంది. ‘కు’ ఉంచండి. పోనీ ‘కుట్ర’ ఎవరిదో తెలిస్తే వాళ్లను ముందుకు తెండి.

డబ్బు దగ్గర ఇంకా ప్రమాదం. ‘టికెట్ రూ.10 పెంపు’ అంటే ఇంతకు ముందున్నదానికి పది కలిసింది. ‘టికెట్ రూ.10కి పెంపు’ అంటే ఇప్పుడు మొత్తం పదే. ఒక్క ‘కి’. దీన్ని కుర్ర సబ్ ఎడిటర్లే కాదు, పాతవాళ్లూ తొందరలో తప్పుతారు.

‘వరకు’ విషయానికి నిజంగా జరిగిన వార్తే చూద్దాం. 2024లో తెలంగాణ పంట రుణమాఫీ మూడు విడతల్లో జరిగింది. జులై 18న రూ.లక్ష వరకు, జులై 30న రూ.లక్షన్నర వరకు, ఆగస్టు 15న రూ.2 లక్షల వరకు రుణాలున్నవారికి. జులై 16 రాత్రి పేజీలో మీరున్నారనుకోండి. ‘రేపటి నుంచి రూ.2 లక్షల రుణమాఫీ’ అని పెడితే ఎవరి మీదా అబద్ధం మోపినట్టు కాదు, పథకం పేరే అది. కానీ లక్షా డెబ్బై వేల అప్పున్న రైతు తెల్లారి బ్యాంకు ముందు నిలబడతాడు. అతని వంతు ఆగస్టులో. ‘రేపు రూ.లక్ష వరకు రుణమాఫీ’ అంటే ముందటిదానికంటే చిన్నది, ఆ రైతుకు బస్సు ఛార్జీ మిగులుతుంది. ‘నుంచి’ పోయింది, ‘వరకు’ వచ్చింది.

ఢీకొన్న వార్తల్లో కూడా ఇదే జాగ్రత్త. ‘లారీని ఢీకొన్న బస్సు’ అంటే తప్పు బస్సుది అని తీర్పు ఇచ్చినట్టు. ఎవరిది తప్పో పోలీసులు ఇంకా చెప్పకపోతే ‘బస్సు, లారీ ఢీ’. అన్నిటికంటే పొట్టిదీ అదే.

మరి కోత ఎక్కడ? గౌరవ వాచకాల్లో, ‘జిల్లాలోని’, ‘మండల పరిధిలోని’ లాంటి చోటు మాటల్లో (అది డేట్‌లైన్‌లో ఉంటుంది, జోన్ పేజీలో అయితే పేజీ పేరే చెబుతుంది), ‘చోటుచేసుకుంది’, ‘నిర్వహించారు’ లాంటి అంటుకట్టిన క్రియల్లో, విశేషణాల్లో. ‘ఘోర ప్రమాదం’లో ‘ఘోర’ తీసి మృతుల సంఖ్య పెట్టండి.

ఏ దశలో ఉందో చెప్పే మాట

కుదించేటప్పుడు రాలిపోయే రెండో రకం మాట, పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేది. ప్రతిపాదన, ముసాయిదా, కేబినెట్ ఆమోదం, సభ ఆమోదం, సంతకం, ఉత్తర్వు, అమలు. ఇవన్నీ వేర్వేరు మెట్లు. శీర్షికలో మాత్రం అన్నీ కలిసిపోయి చివరి మెట్టు అయిపోతుంటాయి.

మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభలో 2023 సెప్టెంబర్ 20న, రాజ్యసభలో మర్నాడు పాసైంది. 28న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, 106వ రాజ్యాంగ సవరణ అయింది. కానీ సీట్ల కేటాయింపు జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అని ఆ చట్టంలోనే ఉంది. బిల్లు పాసైన రోజు ‘చట్టసభల్లో మహిళలకు 33 శాతం’ అని పెట్టిన శీర్షిక చదివి వచ్చే ఎన్నికల్లోనే అనుకున్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ‘మహిళా కోటా బిల్లుకు పార్లమెంటు ఓకే’ అని పెద్దగా పెట్టి, ‘జనగణన, పునర్విభజన తర్వాతే అమలు’ అని కింద పెడితే సరిపోయేది. ఇక్కడ ఉపశీర్షిక అలంకారం కాదు, శీర్షికలో సగం.

నేర వార్తల్లో దశ తప్పితే మనిషి జీవితం పోతుంది. అరెస్టయినవాడు నిందితుడు, శిక్ష పడినవాడు దోషి. ‘దొంగ అరెస్టు’ అన్నది ఆరక్షరాలు ఆదా చేసి కోర్టు పని మనమే చేసేసినట్టు. ‘చోరీ కేసులో ఒకరి అరెస్టు’ అంటే చాలు. పోస్టుమార్టం నివేదిక రాకముందు ‘ఆత్మహత్య’ వద్దు, ‘ఉరికి వేలాడుతూ మృతదేహం’ అనీ వద్దు, ‘అనుమానాస్పద మృతి’ పొడుగైతే ఉత్త ‘మృతి’ అనండి. ఎలా అన్నది వార్త చెబుతుంది. కోర్టు వార్తల్లో జడ్జి వాదనల మధ్య అన్న మాట ‘వ్యాఖ్య’, రాసి ఇచ్చింది ‘ఉత్తర్వు’ లేదా ‘తీర్పు’. ‘హైకోర్టు ఆగ్రహం’ అన్న శీర్షిక కింద ఉత్తర్వు ఏమీ లేదని నాలుగో పేరాలో తెలిస్తే పాఠకుడికి వచ్చేది మన మీద ఆగ్రహం.

ఇంకో అలవాటుంది, తెలుగు డెస్కులకు ప్రత్యేకమైనది. వార్త గట్టిగా తెలియనప్పుడు చివర ఆశ్చర్యార్థకం తగిలించడం. ‘కలెక్టర్ బదిలీ!’ అంటే మనలో మనకు ‘బదిలీ కావచ్చునట’ అని అర్థం. పాఠకుడికి ఆ సంకేతం ఎవరూ నేర్పలేదు. ఆయన ‘అబ్బో, బదిలీ అయ్యాడా’ అని చదువుకుంటాడు. నేనైతే ఆ గుర్తును ఇలా వాడడం మానేశాను. సమాచారం ఎవరిదో ఉంటే కోలన్ పెట్టి వాళ్ల పేరు పెట్టండి, లేకపోతే అది ఇంకా శీర్షిక అయ్యే స్థితికి రాలేదు.

లోపల వివరంగా ఉంది కదా, చదివితే తెలుస్తుందిగా అని ఎదురు వాదన వినబడుతుంటుంది. యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఉల్రిచ్ ఎకర్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో దీన్నే పరీక్షించారు. శీర్షిక కొంచెం పక్కకు లాగితే, వార్త మొత్తం చదివినవాళ్లలో కూడా జ్ఞాపకం, దాని మీద వాళ్లు చేసే ఊహ ఆ పక్కకే ఒరిగాయి. ముందు ఏర్పడిన అభిప్రాయంలోనే తర్వాతి వివరాలు వచ్చి కూర్చుంటాయి.

‘ఊరట’ పొట్టి మాట కాదు

‘కీలక’, ‘షాక్’, ‘ఊరట’, ‘కలకలం’, ‘తీపి కబురు’, ‘ఎట్టకేలకు’. ఇవి జాగా ఆదా చేస్తాయని పేరు. లెక్కపెట్టి చూడండి. ‘హైకోర్టులో మాజీ ఎమ్మెల్యేకు ఊరట’లో ‘ఊరట’ మూడక్షరాలు. ఆయనకు వచ్చింది బెయిలైతే ‘బెయిల్’ కూడా అంతే. వచ్చింది స్టే అయితే ఒక్కటే అక్షరం! మసక మాట పొట్టిదేమీ కాదు, అసలు మాట పొడుగూ కాదు. పైగా ‘ఊరట’ అంటే కేసు కొట్టేశారా, వాయిదా పడిందా, బెయిలా, స్టేనా, నాలుగింటిలో ఏదైనా కావచ్చు.

మసక మాట కనబడితే దాని స్థానంలో ‘అంటే ఏమిటి?’ అని అడిగి వచ్చిన జవాబు పెట్టండి. ‘విద్యుత్ వినియోగదారులకు షాక్’. అంటే? ‘యూనిట్‌కు 40 పైసల పెంపు’. ‘ఉద్యోగులకు గుడ్ న్యూస్’. అంటే? ‘రెండు డీఏలు మంజూరు’. ‘వారికి’ అని మొదలయ్యే శీర్షికలైతే చెప్పనే వద్దు, ఎవరికో చెబితే ఎవరూ లోపలికి రారేమోనన్న భయం అది. కావలసినవాడు తన పేరు కనబడితేనే ఆగుతాడు, పింఛనుదారుడు ‘పింఛను’ అన్న మాట దగ్గర ఆగినట్టు.

జవాబు దొరకకపోతే? ‘కేబినెట్ కీలక నిర్ణయాలు’ అని వచ్చింది, చదివితే పదకొండు నిర్ణయాలున్నాయి. అన్నిటినీ పట్టించే మాట వెతక్కండి. పాఠకుడి జేబుకో, పనికో ఎక్కువ తగిలేది ఒకటి తీసుకుని అదే శీర్షిక చేయండి, రెండోది ఉపశీర్షిక. మిగతా తొమ్మిది వార్తలోనే ఉంటాయి.

లోపలి ఉపశీర్షికలు

వార్త మధ్యలో వచ్చే చిన్న శీర్షికల దగ్గర అందరూ అలసిపోయి ఉంటారు. అందుకే ‘నేపథ్యం’, ‘అసలేం జరిగింది?’, ‘అధికారుల స్పందన’ వచ్చి పడతాయి. ఇవి ఏ వార్తకైనా అతుకుతాయంటే ఈ వార్త గురించి ఏమీ చెప్పడం లేదనే. ఆ భాగంలో కొత్తగా వచ్చిన ఒక సంగతి చెప్పండి. గురుకులం వార్తలో ‘అధికారుల స్పందన’ కాదు, ‘వార్డెన్‌కు షోకాజ్’. ‘నేపథ్యం’ కాదు, గతంలో అదే చోట అలాంటిది జరిగి ఉంటే ‘ఏడాదిలో రెండోసారి’. జరగకపోతే ఆ ఉపశీర్షికే వద్దు.

ఒక్క చోట మాత్రం వివరం పెంచడం నేరం. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద శిక్షార్హం, పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. పేరు రాయలేదు కదా అనుకుంటాం. కానీ శీర్షికలో ఊరు, ఉపశీర్షికలో తరగతి, బాక్సులో తండ్రి వృత్తి పెడితే ఆ ఊళ్లో ఎవరికైనా ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. ఒక్కొక్కటీ విడిగా నిరపాయం, మూడూ కలిస్తే చిరునామా. అన్ని శీర్షికలూ ఒక కాగితం మీద వరసగా రాసుకుని ఒకేసారి చదవండి.

అక్షరాల లెక్క, తెర మీద కోత

ఆన్‌లైన్‌కు రాసేవాళ్లను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ‘ఇన్ని క్యారెక్టర్లు దాటింది’ అని భయపెడుతుంది. అది లెక్కపెట్టేది మన అక్షరాలను కాదు. ఎక్సెల్‌లో ఇది కొట్టి చూడండి:

```
=LEN("స్త్రీ")
```

జవాబు 6 వస్తుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. కంటికి ఒక్క అక్షరం, తెర మీద ఒక్క అక్షరం వెడల్పు. కాబట్టి ఆ అంకె చూసి విభక్తి పీకేయకండి. మామూలు ఫోనులో ప్రివ్యూ తెరిచి ఎక్కడ తెగుతోందో కంటితో చూడండి. అచ్చులో సంగతి వేరు, అక్కడ వత్తులు వెడల్పు తినవు గానీ ఎత్తు తింటాయి. రెండు లైన్ల శీర్షికలో పై లైను వత్తు కింది లైను గుడిని తాకుతుంటే, వత్తు లేని మాట దొరుకుతుందేమో చూసుకోవడం పాత కంపోజిటర్ల దగ్గర నేర్చుకున్న చిట్కా.

ఫోనులో శీర్షిక చివర తెగుతుంది. తెలుగు వాక్యంలో ‘కాదు’, ‘లేదు’, ‘తర్వాతే’ లాంటి కీలకం చివరే ఉంటుంది. ‘ఆ మాత్రలతో ప్రమాదం లేదు: డాక్టర్లు’ అన్నది ‘ఆ మాత్రలతో ప్రమాదం…’ దగ్గర తెగితే ఏమవుతుందో ఊహించుకోండి. వ్యతిరేకార్థం లేకుండా వాక్యం మార్చండి: ‘ఆ మాత్రలు సురక్షితం: డాక్టర్లు’. ఎక్కడ తెగినా తిరగబడకూడదు.

వార్త చదవనివాడికి వినిపించండి

చివరగా, వార్త చదవని ఒకరికి శీర్షిక మాత్రం చదివి ‘ఏం జరిగిందనుకుంటున్నావు?’ అని అడగండి. ‘బాగుందా?’ అని అడగొద్దు, బాగుందనే అంటారు. మా డెస్కులో రాత్రిపూట టీ తెచ్చే అబ్బాయి ఈ పనికి దొరికేవాడు. ‘గురుకులంలో కలుషితాహారం’ లాంటిది వినిపిస్తే ‘ఎంతమంది పోయారన్నా?’ అనేవాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే శీర్షిక వెనక్కి తీసుకోవాల్సిందే. అతను చెప్పింది మన పొడుగు వాక్యంతో సరిపోతే పేజీ వదలవచ్చు.

వార్త మారితే శీర్షిక మళ్లీ ఇదే దారిలో రావాలి. గురుకులం నమూనాల నివేదిక పది రోజులకు వచ్చిందనుకుందాం. భోజనంలో ఏమీ లేదు, తాగునీటిలో కోలిఫాం బ్యాక్టీరియా ఉంది. ల్యాబు చెప్పింది నీళ్ల గురించి, పిల్లల వాంతులకు అదే కారణమన్నది జిల్లా వైద్యాధికారి. రెండు మాటలు ఇద్దరివి. అందుకని శీర్షిక ‘గురుకులం తాగునీటిలో కోలిఫాం’, ఉపశీర్షిక ‘23 మంది అస్వస్థతకు ఇదే కారణం: వైద్యాధికారి’. వంట సిబ్బంది ఆ రోజు పేపరు దాచుకున్నారో లేదో గానీ, మొదటి రోజు ‘కలుషితాహారం’ అని పెట్టి ఉంటే ఇవాళ సవరణ వేసుకోవాల్సి వచ్చేది. అదీ లోపలి పేజీలో, సింగిల్ కాలంలో.